'సమర్పించగలరు' అంటే పంపాలా, పంపకపోయినా ఫరవాలేదా? ఆఫీసు మెయిల్‌ను మామూలు తెలుగులోకి తిరగరాసే పద్ధతి

విద్యార్థులకు చదువు ఖర్చులు ఇచ్చే ఒక చిన్న ట్రస్టులో కొన్నేళ్లు మెయిళ్లూ ఉత్తరాలూ చూసే పని చేశాను. ఎంపికైన పిల్లలకు ఏటా ఒకే మెయిల్ వెళ్లేది. ఎప్పుడో ఎవరో పాత ఉత్తరాలు చూసి తయారుచేసిన నమూనా అది. మేం తేదీ మార్చి పంపేసేవాళ్లం. ఒక ఏడాది గడువు దాటిన మూడు రోజులకు ఒక అమ్మాయి ఫోన్ చేసింది. "సమర్పించగలరు అని రాశారు కదా సార్, వీలైతే పంపమన్నారేమో అనుకున్నాను" అంది. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆ పిల్ల. ఆమె కాగితాలు తీసుకున్నాం. తర్వాత ఆ మెయిల్ తెరిచి మొదటిసారి నిదానంగా చదివాను. ఆమె అర్థం చేసుకున్నదాంట్లో తప్పేమీ కనిపించలేదు.

ఆ మెయిల్ దాదాపు ఇలా ఉండేది:

> విషయం: ఉపకారవేతనం మంజూరు – ధ్రువపత్రముల సమర్పణ నిమిత్తం – తెలియజేయుట గురించి
>
> గౌరవనీయులైన విద్యార్థినీ విద్యార్థులకు,
>
> నమస్కరించి వ్రాయునది ఏమనగా, మా సంస్థ యొక్క ఉపకారవేతన పథకమునకు తాము సమర్పించిన దరఖాస్తు కూలంకషముగా పరిశీలించబడి, తాము ఎంపిక చేయబడినారని తెలియజేయుటకు మిక్కిలి సంతసించుచున్నాము. పై విషయమును పురస్కరించుకొని తమ యొక్క ఆదాయ ధ్రువపత్రము, బోనఫైడ్ సర్టిఫికెట్ మరియు బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ ప్రతులను తేది 10-12-2024 లోపు సమర్పించగలరు. నిర్ణీత గడువులోగా సమర్పించబడని యెడల నిబంధనలకు లోబడి తదుపరి చర్యలు తీసుకొనబడును. కావున తమ అమూల్యమైన సహకారమును అందించవలసినదిగా సవినయముగా కోరడమైనది. తమకు కలిగిన అసౌకర్యమునకు చింతిస్తున్నాము.
>
> ఇట్లు,
> సదా తమ సేవలో,
> కార్యదర్శి

ఇలాంటి మెయిళ్లు మన స్కూళ్లలో, అపార్ట్‌మెంట్ సంఘాల్లో, సహకార సంఘాల్లో రోజూ తయారవుతుంటాయి. ఈ ఒక్క మెయిల్‌నే మొదటి నుంచి చివరి దాకా తిరగరాద్దాం.

## ముందు మెయిల్ మూసేసి నాలుగు జవాబులు రాయండి

తిరగరాయడం అనగానే చాలామంది పాత వాక్యాన్ని ముందు పెట్టుకుని ఒక్కో మాటా మారుస్తారు. 'సంతసించుచున్నాము' తీసి 'సంతోషిస్తున్నాం' పెడతారు. 'లోగా' తీసి 'లోపు' పెడతారు. అంతా అయ్యాక చూస్తే మాటలు కొత్తవి, మెయిల్ మాత్రం పాతదే. ఎందుకంటే చిక్కు మాటల్లో కంటే ముందు విషయంలో ఉంది.

అందుకని పాత మెయిల్ ఒకసారి చదివి పక్కన పెట్టేయండి. ఒక కాగితం మీద నాలుగు ప్రశ్నలకు జవాబు రాయండి. ఇది చదివే మనిషికి మనం చెబుతున్న కబురు ఏమిటి? ఆ మనిషి చేయాల్సిన పని ఏమిటి? ఎప్పటిలోగా, ఎలా చేయాలి? చేయకపోతే ఏమవుతుంది?

మా మెయిల్‌కు ఈ జవాబులు రాయబోయి రెండు చోట్ల ఆగిపోయాను. మొదటిది 'ఎలా' దగ్గర. 'సమర్పించాలి' సరే, ఎక్కడ? మెయిల్‌కు జత చేయాలా, పోస్టులో పంపాలా, ఆఫీసుకు తెచ్చివ్వాలా? జిరాక్సులు చాలా, అసలు కాగితాలు కావాలా? మెయిల్‌లో ఒక్క మాట లేదు. రెండోది 'చేయకపోతే' దగ్గర. 'నిబంధనలకు లోబడి తదుపరి చర్యలు' ఏమిటో ఆఫీసులో ఉన్న నాకే తెలియదు. కార్యదర్శి గారిని అడిగితే, "వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లకు ఇచ్చేస్తాం కదా" అన్నారు. ఆ ముక్క పిల్లలకు ఎప్పుడూ చెప్పలేదు.

బరువైన మాటలు ఇలాంటి ఖాళీలను కప్పేస్తాయి. వాక్యం గంభీరంగా ఉండటంతో రాసినవాళ్లకు అన్నీ చెప్పేశామనే అనిపిస్తుంది. నాలుగు జవాబుల్లో ఏ ఒక్కటి రాయలేకపోయినా అక్కడే ఆగి, తెలిసినవాళ్లను అడగండి. జవాబు దొరకనిదే తర్వాతి పని మొదలుపెట్టకండి.

## పని ఎవరిదో వాక్యంలో కనిపించాలి

ఇప్పుడు పాత మెయిల్ మళ్లీ తెరిచి క్రియల కింద గీతలు గీయండి. 'పరిశీలించబడి', 'ఎంపిక చేయబడినారు', 'సమర్పించబడని యెడల', 'తీసుకొనబడును', 'కోరడమైనది'. ఐదింటిలో ఎక్కడా మనిషి లేడు. ఎవరు పరిశీలించారు? ఎవరు కోరారు?

మన ఇళ్లలో "అన్నం వండబడింది, తినవలసినదిగా కోరడమైనది" అని ఎవరూ అనరు. "అన్నం వండాను, రండి" అంటారు. తెలుగు వాక్యం కర్తతో హాయిగా నడుస్తుంది. పైగా 'చేశాను', 'చేశాం', 'చేశారు' అనగానే పని ఎవరు చేశారో క్రియ చివరే తెలిసిపోతుంది కాబట్టి ప్రతిసారీ 'మేము', 'మీరు' అని రాయాల్సిన పని కూడా లేదు. 'బడు', 'డమైనది' వాడితే మనకు చేతిలో ఉన్న ఈ సదుపాయం పోతుంది.

గీత గీసిన ప్రతి క్రియనూ ఒకే ప్రశ్న అడగండి: ఎవరు? 'తీసుకొనబడును' అంటే 'తీసుకుంటాం'. 'కోరడమైనది' అంటే 'కోరుతున్నాం'. 'సమర్పించబడని యెడల' అంటే 'మీరు పంపకపోతే'. ఇలా మార్చేటప్పుడు కొన్ని వాక్యాలు రాయడానికి ఇబ్బందిగా అనిపిస్తాయి. 'మీ స్కాలర్‌షిప్ వేరేవాళ్లకు ఇస్తాం' అని మన పేరు మీద చెప్పడం కష్టమే. 'చర్యలు తీసుకొనబడును' వెనక దాక్కోవడం తేలిక. కానీ నష్టపోయే మనిషికి ఆ సంగతి ముందే తెలియాలి.

కర్తను వదిలేసినా ఫరవాలేని చోట్లు ఉన్నాయి. 'ఆఫీసు ఆదివారం మూసి ఉంటుంది' అన్నప్పుడు ఎవరు మూస్తారన్నది ఎవరికీ అక్కర్లేదు. పనీ, బాధ్యతా ఉన్నచోటే ఈ ప్రశ్న.

## 'గలరు'ను విడిగా చూడండి

ఆ అమ్మాయిని తప్పుదారి పట్టించింది ఈ మాటే. 'గలరు'కు వాడుకలో ఉన్న అర్థం శక్తి, వీలు. 'ఆయన మూడు భాషలు మాట్లాడగలరు' అంటే ఆయనకు అది చేతనవును. ఆఫీసు తెలుగులో మాత్రం 'గమనించగలరు', 'హాజరు కాగలరు', 'సమర్పించగలరు' అంటే మర్యాదగా చెప్పిన ఆజ్ఞ. ఈ రెండో అర్థం ఆఫీసు కాగితాలు చదివి అలవాటైనవాళ్లకే తెలుస్తుంది. మిగతావాళ్లు మొదటి అర్థంలోనే చదువుతారు.

కాబట్టి 'గలరు' కనిపించిన ప్రతిచోటా అది తప్పనిసరా, వీలును బట్టి చేసేదా అని తేల్చుకోండి. తప్పనిసరైతే 'పంపండి' లేదా 'పంపాలి'. వీలును బట్టి అయితే 'పంపవచ్చు'. నిజంగా అడుగుతుంటే 'పంపగలరా?' అని ప్రశ్న గుర్తుతో రాయండి. అప్పుడు అందులో సందేహం ఉండదు, మర్యాదా పోదు.

'తగు చర్య నిమిత్తం', 'తగిన చర్య తీసుకోగలరు' అన్నవి దీని తోబుట్టువులే. ఇంగ్లిష్ ఆఫీసు ఉత్తరాల్లో 'డూ ద నీడ్‌ఫుల్' ఎలాగో ఇవీ అలాగే. ఏం చేయాలో చదివేవాళ్లే ఊహించుకోవాలి. అకౌంట్స్ విభాగానికి బిల్లు పంపుతూ 'తగు చర్య నిమిత్తం' అని రాస్తే, అది పాస్ చేయడానికా, పరిశీలించడానికా, ఫైల్లో పెట్టుకోవడానికా? 'ఈ బిల్లు సరిచూసి, శుక్రవారం లోపు చెల్లించండి' అని రాస్తే ఇక అడగడానికేమీ మిగలదు.

## గౌరవం పోతుందన్న భయం

ఈ మాట దాదాపు ప్రతి ఆఫీసులోనూ వింటాను. "అలా రాస్తే పెద్దవాళ్లకు మర్యాదగా ఉండదండీ." ఆ భయాన్ని తేలిగ్గా తీసేయలేం. మన భాషలో చిన్నా పెద్దా తేడా మాటతీరులోనే ఉంది. ఒక్క 'నువ్వు' జారితే సంబంధాలు చెడతాయి.

అయితే ఆ గౌరవం వాక్యంలో ఏ ముక్కలో ఉందో చూడండి. 'మీరు'లో ఉంది. పేరు పక్కన 'గారు'లో ఉంది. 'రండి', 'పంపండి', 'చెప్పారు' అన్న క్రియల చివర ఉంది. 'సర్‌, మీరు పంపిన జాబితా చూశాను. మూడో పేరు దగ్గర ఒక సందేహం ఉంది, చెప్పగలరా?' అన్న మెయిల్‌లో అవన్నీ ఉన్నాయి. దీనికి 'తమ దివ్య సముఖమునకు సవినయముగా విన్నవించుకొనునది' జోడిస్తే గౌరవం పెరగదు, మనిషి దూరమవుతాడు.

పిల్లలకు రాసేటప్పుడు పిలుపు దగ్గర మేం కొంత తర్జనభర్జన పడ్డాం. పద్దెనిమిదేళ్ల పిల్లకు 'గౌరవనీయులైన' అన్నది అతకదు. పెళ్లి శుభలేఖల్లో రాసే 'చిరంజీవి' ఇంటి మాట, ఆఫీసు వాడకూడదు. పేరు పక్కన 'గారు' పెడితే కొందరు పిల్లలు మొహమాటపడ్డారు. చివరికి 'నమస్కారం' అని పేరు రాసి, లోపలంతా 'మీరు' వాడాం. కాలేజీ ప్రిన్సిపాల్‌కు రాసే మెయిల్‌లో 'ప్రిన్సిపాల్ గారికి నమస్కారం' అని మొదలుపెట్టాం. దాతలకు పేరు, 'గారికి'. పిలుపు మారింది గానీ లోపలి వాక్యాలు మూడింటిలోనూ అంతే సూటిగా ఉన్నాయి.

ఒక్క జాగ్రత్త. 'తమరు', 'తాము' తీసేసే ఊపులో క్రియ చివరి 'అండి' పోకుండా చూసుకోండి. 'కాగితాలు పంపాలి' కంటే 'కాగితాలు పంపండి' మెత్తగా ఉంటుంది. ఒకే మెయిల్‌లో నాలుగైదు 'ఆలి'లు వరసగా వస్తే హుకుం జారీ చేసినట్టు వినిపిస్తుంది.

## ఆప్యాయత ఎక్కడ నుంచి వస్తుంది

పాత మెయిల్‌లో 'మిక్కిలి సంతసించుచున్నాము', 'అమూల్యమైన సహకారము', 'సదా తమ సేవలో' అన్న మూడు మాటలూ ఆప్యాయత కోసం పెట్టినవే. మూడూ తీసేయండి. వేల ఉత్తరాల్లో నలిగిన మాటలు కావడంతో చదివేవాళ్ల చూపు వాటి మీద ఆగదు.

వాటి చోట మెయిల్ మొత్తానికి ఒకటి రెండు వాక్యాలు రాయండి. అయితే అవి ఎదుటివాళ్ల పరిస్థితి తెలిసినవాళ్లు మాత్రమే రాయగలిగేవి అయి ఉండాలి. మా పిల్లలకు అసలు టెన్షన్ ఆదాయ ధ్రువపత్రం. దరఖాస్తు చేసినా గడువు లోపు చేతికి వస్తుందో రాదో తెలియదు. అది మాకు ఏటా వచ్చే ఫోన్ల వల్ల తెలుసు, కానీ మెయిల్‌లో ఎప్పుడూ చెప్పలేదు. 'ధ్రువపత్రం ఇంకా రాకపోతే దరఖాస్తు రసీదు పంపండి' అన్న ఒక్క వాక్యం చదివి ఆ పిల్లకు గుండె కుదుటపడుతుంది. 'మిక్కిలి' అన్న మాట ఆ పని చేయలేదు.

దాతలకు రాసే కృతజ్ఞతల మెయిల్‌కూ ఇదే పద్ధతి. 'మీ ఔదార్యానికి మా హృదయపూర్వక కృతజ్ఞతలు' అన్నది ఎవరికైనా పంపవచ్చు. 'మీరు పంపిన డబ్బుతో నర్సింగ్ రెండో ఏడాది చదువుతున్న అమ్మాయికి హాస్టల్ ఫీజు కట్టాం' అన్నది ఆ ఒక్కరికే పంపగలం.

క్షమాపణ దగ్గర ఇది మరీ ముఖ్యం. 'అసౌకర్యానికి చింతిస్తున్నాము' అన్న వాక్యం మా పాత మెయిల్‌లో అసలు ఏ అసౌకర్యమూ లేకుండానే ఉంది! నిజంగా తప్పు జరిగినప్పుడు అది అక్కరకు రాదు. ఒకసారి డబ్బు వేయడం ఆలస్యమైతే ఇలా రాశాం: 'నవంబర్‌లో వేస్తామన్న డబ్బు ఇంకా వేయలేదు. బ్యాంకుకు పంపిన జాబితాలో మా వైపు తప్పు జరిగింది. సరిచేశాం, ఈ గురువారం మీ ఖాతాలో పడుతుంది. ఈలోగా కాలేజీ వాళ్లు ఫీజు అడిగితే మాకు చెప్పండి, వాళ్లతో మేం మాట్లాడతాం. మిమ్మల్ని ఇబ్బంది పెట్టినందుకు క్షమించండి.' ఏం జరిగింది, ఎవరి తప్పు, ఎప్పటికి సరవుతుంది, ఈలోగా వాళ్లేం చేయాలి. ఇవన్నీ చెప్పాక 'క్షమించండి' అంటే ఆ మాటకు బరువు ఉంటుంది.

## 'మరియు', 'యొక్క', ఇంకా కొన్ని చిన్న మరమ్మతులు

ఇవి త్వరగా అయిపోతాయి. 'సంస్థ యొక్క పథకము' అంటే 'సంస్థ పథకం' చాలు. 'సర్టిఫికెట్ మరియు పాస్‌బుక్' అంటే 'సర్టిఫికెట్, పాస్‌బుక్' లేదా 'సర్టిఫికెట్టూ పాస్‌బుక్కూ'. 'అర్హత కలిగి ఉన్నారు' అంటే 'అర్హులు'. 'పై విషయమును పురస్కరించుకొని' పూర్తిగా తీసేసి చూడండి, ఏమీ పోదు.

అందరికీ తెలిసిన ఇంగ్లిష్ మాటకు కష్టమైన తెలుగు మాట పెట్టకండి. మా పిల్లలు 'స్కాలర్‌షిప్' అంటారు, 'ఉపకారవేతనం' అనరు. 'ధ్రువపత్రం' అన్న మాటను మాత్రం అలాగే ఉంచాం. చదివేవాళ్లు ఫోన్లో మాట్లాడేటప్పుడు ఏ మాట వాడతారో గుర్తు తెచ్చుకుంటే చాలు, వేరే కొలత అక్కర్లేదు.

## తిరగరాసిన మెయిల్

విషయం దగ్గర మొదలుపెడదాం. ఫోన్‌లో ఆ లైనులో మొదటి కొన్ని మాటలే కనిపిస్తాయి. 'ఉపకారవేతనం మంజూరు – ధ్రువపత్రముల…' దగ్గర తెగిపోతే, డబ్బు మంజూరైపోయింది, ఇక చేయాల్సిందేమీ లేదనుకునే ప్రమాదం ఉంది. అందుకని చేయాల్సిన పనినీ తేదీనీ ముందుకు తెచ్చాం.

> విషయం: డిసెంబర్ 10 లోపు మూడు కాగితాలు పంపండి – మీ స్కాలర్‌షిప్ కోసం
>
> నమస్కారం (విద్యార్థి పేరు),
>
> మీరు మా స్కాలర్‌షిప్‌కు ఎంపికయ్యారు. అభినందనలు! డబ్బు మీ ఖాతాలో వేయడానికి మాకు ఈ మూడు కాగితాలు కావాలి:
>
> 1. ఆదాయ ధ్రువపత్రం
> 2. మీ కాలేజీ ఇచ్చిన బోనఫైడ్ సర్టిఫికెట్
> 3. మీ పేరు మీద ఉన్న బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ (ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ స్పష్టంగా కనిపించాలి)
>
> మూడింటినీ ఫోన్‌తో ఫొటో తీసి, డిసెంబర్ 10, మంగళవారం సాయంత్రం 5 గంటల లోపు ఈ మెయిల్‌కే జవాబుగా పంపండి. అసలు కాగితాలు మీ దగ్గరే ఉంచుకోండి.
>
> ఆదాయ ధ్రువపత్రం చేతికి రావడం ఒక్కోసారి ఆలస్యమవుతుందని మాకు తెలుసు. దరఖాస్తు చేసి ఎదురుచూస్తుంటే, ఇప్పటికి ఆ రసీదు ఫొటో పంపండి. ధ్రువపత్రం వచ్చాక పంపవచ్చు.
>
> గడువు లోపు మీ నుంచి ఏమీ రాకపోతే, ఈ స్కాలర్‌షిప్ వెయిటింగ్ లిస్టులో ఉన్న మరో విద్యార్థికి ఇస్తాం. ఏ కాగితం దగ్గరైనా ఇబ్బంది ఉంటే ముందే ఫోన్ చేయండి, కలిసి చూద్దాం.
>
> (పంపినవారి పేరు, ఫోన్ నంబరు, ఫోన్ ఎత్తే వేళలు)

పాతదానికంటే ఇది పొడుగైంది. మామూలు భాషలో రాస్తే మెయిల్ చిన్నదవుతుందని కొందరు అనుకుంటారు, కానీ దాచిన విషయాలు బయటికి వచ్చినప్పుడు పెరగడం సహజమే. 'కార్యదర్శి' అన్న హోదా చోట మనిషి పేరు వచ్చింది. ఫోన్ చేసేవాళ్లకు ఎవరిని అడగాలో తెలియాలి కదా.

ఎంపికయ్యారన్న కబురు, రాకపోతే మరొకరికి ఇస్తామన్న హెచ్చరిక ఒకే మెయిల్‌లో ఉన్నాయి. హెచ్చరిక వాక్యాన్ని ఒంటరిగా వదలకుండా, దాని పక్కనే ఫోన్ చేయమన్న మాట పెట్టాం. ఆ జత విడదీస్తే మెయిల్ బెదిరింపులా వినిపిస్తుంది.

## పంపే ముందు ఇద్దరు చదవాలి

మొదట మీరే పైకి చదవండి. నాలుక తడబడిన చోట, ఊపిరి అందని చోట వాక్యాన్ని రెండుగా విడదీయండి. తర్వాత ఆ విషయంతో సంబంధం లేని ఒకరికి ఫోన్లోనే చూపించండి. "అర్థమైందా?" అని అడగకండి, మొహమాటానికి అందరూ అయిందనే అంటారు. "ఇప్పుడు నువ్వేం చేయాలి, ఎప్పటిలోగా?" అని అడగండి. మెయిల్ మళ్లీ పైకి జరిపి వెతికితే, వెతికిన వాక్యాన్ని పైకి తేవాలి. తప్పు చెబితే, ఏ మాట చూసి అలా అనుకున్నారో అడిగి ఆ మాట మార్చండి. మా ఆఫీసు పక్కన జిరాక్స్ షాపులో పనిచేసే అబ్బాయి మా మొదటి ప్రతి చదివి, "పాస్‌బుక్ మా నాన్నది పంపొచ్చా?" అన్నాడు. 'మీ పేరు మీద ఉన్న' అన్న మాట అలా వచ్చి చేరింది.

పంపాక వచ్చే ఫోన్లు కూడా ఒక చోట రాసిపెట్టుకోండి. ఒకే ప్రశ్న ఇద్దరు ముగ్గురు అడిగారంటే, దాని జవాబు మెయిల్‌లో లేదు, లేదా కనిపించని చోట ఉంది.

## ఎక్కడ చేయి పెట్టకూడదు

కోర్టు నోటీసు, రిజిస్ట్రేషన్ పత్రం, ఒప్పందం లాంటి వాటిలో ఒక్కో మాటకు చట్టంలో నిర్ణయమైన అర్థం ఉండవచ్చు. వాటిని మీ అంతట మీరు మార్చకండి. ఒప్పందాన్ని జతచేసి పంపే మెయిల్‌ను మాత్రం మామూలు తెలుగులో రాసి, లోపల ఏముందో నాలుగు వాక్యాల్లో చెప్పండి. ప్రభుత్వ ఆఫీసుకు రాసేటప్పుడు పైన 'విషయం', 'సూచిక' అన్న వరసలు, ఫైలు నంబర్లు ఉంచండి. ఉత్తరం సరైన బల్ల మీదికి చేరేది వాటి వల్లే. ఆ వరసల కింద రాసే వాక్యాలను మాత్రం పైన చెప్పినట్టే రాయవచ్చు.

ఎవరైనా పోయినప్పుడు రాసే మెయిల్‌లో 'మీ కుటుంబానికి మా ప్రగాఢ సానుభూతి' అన్నది నలిగిన మాటే. అయినా దాన్ని తీసేయమని నేను చెప్పను. ఆ సమయంలో అందరికీ తెలిసిన మాటే పట్టుకోవడానికి ఊతంగా ఉంటుంది. దాని కింద పోయిన మనిషి గురించి మీకు గుర్తున్న ఒక సంగతి రాయండి, సెలవుల గురించీ పని గురించీ బెంగపడవద్దని చెప్పండి.

రెండో వైపుకు జారిపోవడం కూడా చూశాను. మామూలు భాష అనగానే 'హాయ్ ఆల్' అని మొదలుపెట్టి, నవ్వు బొమ్మలు పెట్టి, అరవై ఏళ్ల దాతకు 'థాంక్యూ సో మచ్ అండీ' అని రాసినవాళ్లున్నారు. ఆయన ఎదురుగా కూర్చుని ఉంటే ఎలా మాట్లాడతారో అలా రాయండి. కుర్చీలో కాస్త సర్దుకుని, కళ్లలోకి చూసి, 'నమస్కారమండీ' అని మొదలుపెడతాం కదా. తర్వాతి వాక్యానికి వచ్చిన పని చెప్పేస్తాం.